పైనున్న నాలుగు వరుసలు

చరిత్ర మేడమ్‌కి కోపం వస్తే అరవదు, ఉత్తరం రాస్తుంది. ఇంట్లో భర్తకి కూడా అంతే. తడి తువ్వాలు మంచం మీద వేయకూడదన్న విషయమై ఆయన దగ్గర ఇప్పటికి ఏడు ఉత్తరాలున్నాయి. ఏడూ భద్రంగా దాచుకున్నాడు, తువ్వాలు మాత్రం మంచం మీదే వేస్తాడు.

ఈసారి కోపం క్లాసు మీద. కిందటేడు నలభై మంది పరీక్ష రాస్తే పంతొమ్మిది మంది తప్పారు. పాఠం రాక తప్పితే ఆవిడకి అంత బాధ ఉండేది కాదు. జవాబు పత్రాల నకళ్లు తెప్పించి చూస్తే, అందరికీ పాఠం వచ్చు. ప్రశ్న చదవడమే రాదు. రెండు ఒప్పందాలను పోల్చమంటే ఒకడు రెండు వేర్వేరు వ్యాసాలు రాసి మధ్యలో గీత కొట్టాడు. పోలిక ఆ గీతలో ఉందని వాడి ఉద్దేశం కాబోలు.

అన్నిటికన్నా ఆవిడని బాధపెట్టింది చిలక పేపరు. పేరుకి తగ్గట్టే ఆ పిల్లవన్నీ చిలక పలుకులు. మేడమ్ క్లాసులో దగ్గితే అది కూడా నోట్సులో రాసుకునే రకం. "విప్లవానికి దారితీసిన కారణాలను పరిశీలించండి" అని అడిగితే కారణాలు, ఫలితాలు, నాయకుల పుట్టుపూర్వోత్తరాలు కలిపి తొమ్మిది పేజీలు నింపింది. దానికే గంటా పది నిమిషాలు పట్టింది. ఐదో ప్రశ్నకి నంబరు వేసేసరికి గంట కొట్టారు. ముప్పై ఎనిమిది వచ్చాయి. పాసుకి నలభై.

మళ్లీ అదే క్లాసులో కూర్చుంది. ఈసారి కూడా తప్పితే వాళ్ల అన్నయ్య జిరాక్సు షాపులో మెషిను ముందు నిలబడాల్సిందే. "కాపీలు తీయడం మా చెల్లికి బాగా వచ్చు మేడమ్" అన్నాడు అన్నయ్య, నవ్వుతూ. మేడమ్‌కి నవ్వు రాలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం పాత ప్రశ్నపత్రం ముందు పెట్టుకుని ఉత్తరం రాసింది.

"పిల్లలూ, పేపరు చేతికి రాగానే పెన్ను మూత తీయకండి. ముందు పైనున్న నాలుగు వరుసలు చదవండి. ఎంత సమయం, ఎన్ని మార్కులు, ఎన్ని ప్రశ్నలకు రాయాలి, ఎలా రాయాలి. తర్వాత అన్ని ప్రశ్నలూ చదవండి. ఏం చేయమన్నారో ఆ మాట పట్టుకోండి. వివరించమంటే వివరించండి. పోల్చమంటే రెండింటినీ ఒకే పేరాలో పక్కపక్కన నిలబెట్టండి. పరిశీలించమంటే ఏ కారణం ఎంత బలమైనదో తేల్చండి. అడగని దానికి మార్కులుండవు. మీకు ఇంకా చాలా తెలుసన్న సంగతి దిద్దేవాళ్లకి అక్కర్లేదు.

"మీకున్నది మూడు గంటలు, నూట ఎనభై నిమిషాలు. చదవడానికి పది, చివర సరిచూసుకోవడానికి పది. మిగిలిన నూట అరవైని ఐదు జవాబులకి పంచితే ఒక్కోదానికి ముప్పై రెండు. ముప్పై రెండో నిమిషంలో వాక్యం సగంలో ఉన్నా సరే, కాస్త చోటు వదిలి తర్వాతి ప్రశ్నకి వెళ్లండి. రాసిన జవాబుని ఇంకా సాగదీస్తే ఒకటో రెండో మార్కులు పెరుగుతాయి. రాయని జవాబుకి సున్నా."

చిలక వాళ్లన్నయ్య షాపులోనే మేడమ్ నలభై కాపీలు తీయించి పంచింది. వెనక బెంచీల్లో ఒక కాపీ అప్పటికప్పుడే రాకెట్టయి ఎగిరింది. చిలక మాత్రం మర్నాటికి ఉత్తరమంతా అప్పజెప్పింది, కామాలతో సహా.

పరీక్ష రోజు వచ్చింది. ఎవరి సబ్జెక్టు పరీక్ష జరుగుతుంటే వాళ్లు హాలు వైపు వెళ్లకూడదు. మేడమ్ స్టాఫ్ రూములో కూర్చుని, చల్లారిపోయిన టీ తాగుతోంది. పది గంటలకి పరీక్ష మొదలైంది. పదిన్నర దాటాక ఆఫీసు గుమాస్తా ఒక ప్రశ్నపత్రం తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్లాడు.

ఆవిడ అలవాటు ప్రకారం నేరుగా ప్రశ్నలు చదివింది. మంచి ప్రశ్నలే. చదివాక కళ్లు తీరిగ్గా పైకి వెళ్లాయి.

సమయం: రెండున్నర గంటలు. మార్కులు: డెబ్భై ఐదు.

మేడమ్ ప్రిన్సిపాల్ గదికి దాదాపు పరుగెత్తింది.

"సార్, టైము తప్పు పడింది!"

"తప్పేం పడలేదు మేడమ్. మీ ఒక్క పేపరుకే మార్చారు. మిగతా పాతిక మార్కులకి తర్వాత మౌఖిక పరీక్ష ఉంటుంది. సర్క్యులర్ వచ్చిందిగా?"

"నాకు రాలేదు సార్."

ఆయన రిజిస్టరు తీసి తిప్పి చూపించాడు. సర్క్యులర్ కింద "చదివాను" అని, దాని కింద సంతకం. రెండూ ఆవిడవే. అటెండరు రిజిస్టరు పట్టుకుని నిలబడితే, పాపం వాడికి ఆలస్యమవుతుందని గబగబా పెట్టిన సంతకం. కంచే చేను మేసిందంటే ఇదే.

"ఒక్క నిమిషం హాల్లోకి వెళ్లి చెప్పొస్తాను సార్."

"మీరు ఆ వరండాలో కనిపించినా తప్పే. అయినా సమయం పేపరు మీదే అచ్చేసి ఉంది. పిల్లలు చదువుకోరా?"

చదువుకోరని తనకన్నా ఎవరికి బాగా తెలుసు! మళ్లీ స్టాఫ్ రూముకి వచ్చి లెక్క వేసుకుంది. పది నిమిషాలు చదివి, ముప్పై రెండు చొప్పున నాలుగు రాస్తే నూట ముప్పై ఎనిమిది. ఐదో జవాబుకి మిగిలేది పన్నెండు నిమిషాలు. ఉత్తరాన్ని రాకెట్టు చేసినవాడికి ఏ బాధా లేదు, వాడు బతికిపోయాడు. చెప్పింది చెప్పినట్టు చేసే పిల్లే మునిగిపోతుంది. మళ్లీ ఆ ఐదో ప్రశ్న దగ్గరే. ఈసారి ముంచింది నేనే అనుకుంది ఆవిడ, అనుకుని ఏడ్చింది కూడా. లెక్కల మాస్టారు చూడనట్టు కిటికీ వైపు తిరిగాడు.

పన్నెండున్నరకి గంట కొట్టగానే మేడమ్ గేటు దగ్గరికి వచ్చి నిలబడింది. అందరూ వచ్చేశాక చిట్టచివర చిలక వచ్చింది, బయట పెట్టిన సంచీ తీసుకుని. మేడమ్‌ని చూసి ఆగిపోయింది.

"ఐదూ రాశావా అమ్మా?" అని అడిగింది ఆవిడ.

"రాశాను మేడమ్. ఒక్కోదానికి ఇరవై ఆరు నిమిషాలు."

"ఇరవై ఆరా? నేను ముప్పై రెండని రాశాను కదా."

చిలక బిక్కమొహం వేసింది. పెద్దవాళ్లకి ఎదురు చెప్పడం ఆ పిల్లకి ఇదే మొదలు. "పైనున్న నాలుగు వరుసలు చదివాను మేడమ్. రెండున్నర గంటలని ఉంది. తప్పు చదివానేమోనని మూడుసార్లు చూశాను. అందుకని చివరి పేజీలో చిత్తు లెక్క వేసుకున్నాను. నూట యాభైలో ఇరవై తీసేసి ఐదుతో భాగించాను. మార్కులు కూడా ఇరవై నుంచి పదిహేనుకి తగ్గాయి కదా, జవాబులు కాస్త పొట్టిగా రాశాను. నేను మీ మాట వినలేదంటారా?"

"విన్నావు తల్లీ."

"విప్లవం కారణాలు మళ్లీ అడిగారు మేడమ్. ఫలితాలు కూడా నోటికొచ్చు. కానీ అడగలేదు. రాయలేదు."

మేడమ్‌ అడిగింది. "అయితే, నా ఉత్తరానికి ఎన్ని మార్కులు వేస్తావు?"

చిలక సంచీలోంచి ఉత్తరం తీసి, పై నుంచి కిందిదాకా నిదానంగా చదివింది.

"పదికి ఎనిమిది మేడమ్. సమయం తప్పు రాసినందుకు రెండు తగ్గించాను."

రెండు మార్కులంటే ఎంతో ఆ పిల్లకి తెలుసు. మేడమ్‌కీ తెలుసు. కలపమని ఆవిడ అడగలేదు.