తోపులోకి చెప్పులెందుకు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ కోపంతోనే మూడో తరగతి షాహనాను రెండో తరగతి పిల్లల్లో కూర్చోబెట్టాలని తీర్మానించాను. పదకొండేళ్ళుగా జువ్వలదిన్నె బడిలో పాఠాలు చెబుతున్నాను, ఇంత మొద్దును చూడలేదని తోటి టీచర్లతో అన్నాను కూడా. చదవమంటే రెండు ముక్కలు చదివి బల్ల మీద తల వాల్చేసేది. అప్పుడే చెప్పింది అడిగినా గుర్తుండేది కాదు.

రక్తపరీక్షలకు బడికొచ్చిన నర్సు క్యాథరిన్ షాహనా కింది రెప్ప లాగి చూసింది. వేలి నుంచి చుక్క తీసి పరీక్షించింది.

"రక్తం ఎనిమిదిన్నర గ్రాములే ఉండాది టీచర్. పదకొండున్నరన్నా ఉండాల. ఈ పిల్ల మొద్దు కాదు, ఒంట్లో ఐరన్ లేదు. మెదడుకీ అది కావాల. లేకుంటే చెప్పింది ఎట్ల నిలబడతాది?"

"వారం వారం ఐరన్ మాత్ర నేనే మింగిస్తున్నా. నులిపురుగుల మాత్ర కూడా వేసినాం" అన్నాను, తప్పు నాది కాదన్నట్టు.

ఆస్పత్రిలో మలపరీక్ష చేస్తే కొంకిపురుగు గుడ్లు కనబడ్డాయి. ఆ సాయంత్రమే నేనూ క్యాథరినూ షాహనా ఇంటికి వెళ్ళాం. గోడ మేకుకు కవర్లో షాహనా చెప్పులు వేలాడుతున్నాయి. మరుగుదొడ్డి గుంత నిండిపోవడంతో ఇంటిల్లిపాదీ వెనకున్న సరుగుడు తోపులోకే వెళ్తున్నారు. పిల్ల చెప్పులేసుకుని పోదా అని క్యాథరిన్ అడిగింది.

"తోపులోకి చెప్పులెందుకు టీచరమ్మా, పాడైపోవా? బడికీ పండక్కీ వేసుకుంటాది. తోపు నుంచి రాగానే సబ్బుతో కాళ్ళు కడిగిస్తా" అంది నాయనమ్మ జైతూన్‌బీ. ఆమె గొంతులో గర్వం ఉంది.

"కడిగేలోపలే, మలంలోని గుడ్ల నుంచి మట్టిలో పుట్టిన పిల్లపురుగులు అరికాలి చర్మంలోంచి దూరిపోతాయమ్మా" అంది క్యాథరిన్. "పేగును కరుచుకోని రోజూ రక్తం తాగతాయి. మాత్రకి చస్తాయి, మళ్ళీ వట్టికాళ్ళతో పోతే కొత్తవి చేరతాయి. మనమిచ్చే ఐరన్ ఇంక ఏం చాలుతుంది?"

జైతూన్‌బీ లేచి, మేకు మీది చెప్పులు తీసి గుమ్మం బయట పెట్టింది.

"ఇవి తోపుకే. బడికి వేరే జత తెస్తాడు వాళ్ళ నాయన. గుంత కూడా తీయిస్తాం."

పురుగుల మాత్ర మళ్ళీ వేశారు. ఐరన్ మాత్రలు రోజూ వేయమన్నారు. మలం నల్లగా వస్తే భయపడొద్దని, టీతో ఇస్తే మాత్ర ఒంటబట్టదని క్యాథరిన్ రెండుసార్లు చెప్పింది. మూడు నెలలకు రక్తం పన్నెండుకు చేరువైంది. పోయిన పాఠాలు మాత్రం వాటంతటవే రావు కదా. నా నోటి దురుసుకు సిగ్గుపడి, రెండో తరగతి మాట మానేసి, బడి వదిలాక రోజూ అరగంట నేనే కూర్చోబెట్టుకున్నాను.

నిన్న షాహనా ఒక కథ చదువుతూ మధ్యలో ఆగిపోయింది. పాత అలవాటుకొద్దీ కసరబోయాను.

"ఉండండి టీచర్" అంది, పేజీలోంచి తల ఎత్తకుండా. "ఈ పాప చెప్పుల్లేకుండా తోటలోకి పోతా ఉండాది. ఇంట్లో ఎవరూ చెప్పలేదా?"