ప్రచోదయాత్‌కు ముందు

"జర బలం పెట్టున్రి టీచరమ్మా, నాకు గూడ నడుము ఒక్కటే ఉన్నది" అంటూ నర్మద ఆమె చంకల కింద చేతులు వేసి పైకి జరిపింది. కమలాకుమారి గారు పనిచేసే ఎడమకాలితో మంచాన్ని తన్ని, ఆయాసంతో దిండుకు చేరబడ్డారు. నర్మద తడిగుడ్డతో మెడ తుడిచి, నెరిసిన జుట్టు దువ్వి, సన్నటి జడ వేసింది. తర్వాత కిటికీ తెర పక్కకు లాగింది. అశోక్‌నగర్‌లో కోచింగ్ పిల్లలు అప్పటికే సంచులు భుజాన వేసుకుని టీ కొట్టు చుట్టూ మూగి ఉన్నారు.

నర్మద పొట్టి మనిషి. డెట్టాల్ నీళ్లకు అరచేతులు తెల్లబడి, వేళ్ల సందులు పగిలి ఉంటాయి. మహబూబ్‌నగర్ నుంచి భర్తతో కూలికి వచ్చింది. అతను స్లాబు మీద నుంచి పడి చనిపోయాక, మంచాన పడ్డవాళ్లకు చాకిరీ చేసే పనిలో చేరింది. రాంనగర్‌లో కిరాయి గది, ఒక కుక్కరు, ఒక టీవీ, అంతే ఆమె సంసారం. ఎన్నో ఇళ్లలో ఎందరికో ఒళ్లు తుడిచింది. అందరికీ ఆమె 'ఆయా'. మనిషి కోలుకున్నా, పోయినా, ఆయాకు మాత్రం మరునాడు కొత్త ఇల్లే.

కమలాకుమారి గారు నారాయణగూడలో ఆడపిల్లల బడిలో సంస్కృతం చెప్పి రిటైరయ్యారు. పెళ్లి చేసుకోలేదు. పోయిన ఎండాకాలంలో పక్షవాతం వచ్చి కుడివైపు చచ్చుబడింది, మాట పోయింది. దాహమేస్తే 'నీళ్లు' అనడానికి నోరు తిప్పలు పడుతుంది, ఏదో గొణుగుడు తప్ప రాదు. విచిత్రమేమిటంటే, పొద్దున ఎండ మొహాన పడగానే గాయత్రి మాత్రం గడగడా వచ్చేస్తుంది. మొదటిసారి విన్నప్పుడు మాట తిరిగొచ్చిందని నర్మద ఎగిరి గంతేసింది.

మాట నేర్పడానికి వచ్చే మహిత ఆ సంబరం మీద నీళ్లు చల్లింది. "అది మాట్లాడడం కాదండీ. ఎక్కాల్లాగా చిన్నప్పటి అలవాటు. మొదలైతే చివరిదాకా పోతుంది. మధ్యలో ఆపలేరు, మధ్యనుంచి ఎత్తుకోలేరు. తనంతట తాను ఒక్కచోట ఆగగలిగితే, అప్పుడు మాట ఆవిడ చేతికొస్తున్నట్టు."

అందుకే మంత్రాన్ని పదం పదం విడగొట్టే పాఠం పెట్టింది. నర్మద ఒక్కో పదం అని, మహిత నేర్పిన అర్థం చెప్పాలి, టీచరమ్మ ఎడమచేత్తో సైగ చెయ్యాలి. అన్న కూతురు పల్లవి హిమాయత్‌నగర్‌లో ఉద్యోగం చేసుకుంటూ ఖర్చులన్నీ పెట్టుకుంటోంది. ఈ నెలాఖరుకు మార్పు కనిపించకపోతే మేనత్తను ఊరి బయట వృద్ధుల హోంలో చేరుస్తానంది. ఆ మాట విన్నప్పటి నుంచి నర్మదకు గుబులుగా ఉంది. పని పోతుందని కాదు, పని ఇంకోటి దొరుకుతుంది. ఈ మనిషి దగ్గర నుంచి పోబుద్ధి కావడం లేదు.

"షురూ చేద్దామా? ఓం."

టీచరమ్మ కళ్లు మూసి తెరిచారు.

"భూః, గీ నేల. భువః, నడుమ ఆకాశం. స్వః, మీది వెలుగులోకం." చెయ్యి మెల్లగా పైకి లేచింది.

"తత్, అది." చూపుడువేలు కిటికీ అవతలకి సాగింది.

"సవితుః, సవితదేవునిది." మొదటిరోజు నర్మద ఇక్కడ సూర్యుణ్ణి చూపించింది. టీచరమ్మ తల అడ్డంగా ఊపి, నిద్రపోతున్న మనిషిని లేపినట్టు ఆమె భుజం కుదిపారు. సవిత అంటే ప్రేరేపించేవాడని, లోకాన్ని లేపి పనిలోకి కదిలించే సూర్యుణ్ణి ఆ పేరుతో పిలుస్తారని మహిత చదివి చెప్పాక ఆ కుదుపు అర్థమైంది. "నేను రోజూ మిమ్మల్ని లేపుతలేనా? నాకూ ఆ పేరే పెట్టున్రి మరి" అని నర్మద అప్పుడు నవ్వింది.

"వరేణ్యం, కోరి ఎంచుకునేటిది." నర్మద తన ఒడిలో పెట్టిన చిక్కుళ్ల పళ్లెంలోంచి టీచరమ్మ లేతకాయ ఒకటి ఏరి ఇచ్చారు.

"భర్గః, చీకటిని, పాపాన్ని కాల్చే తేజస్సు." అరచెయ్యి ఎండలో పెట్టి, చురుక్కుమన్నట్టు వెనక్కి తీసుకున్నారు.

"దేవస్య, వెలిగే దేవునిది. ధీమహి, మనసుల నిలుపుకుంటం." ముడిచిన వేళ్లు విచ్చుకుని, చెయ్యి గుండె మీద వాలింది.

"ధియః, బుద్ధులను." నుదురు. "యః, ఎవడైతే." ఇందాక 'తత్' అన్నప్పుడు చూపిన చోటికే వేలు మళ్లీ వెళ్లింది. ఆ 'ఎవడో' సవితదేవుడేనని.

"నః, మా." వేలు తన గుండె మీంచి బయలుదేరి, నర్మదను చుట్టి, కిటికీ కింద పిల్లలను కూడా చుట్టి వెనక్కి వచ్చింది.

"ప్రచోదయాత్, ముందుకు నడిపించాలె." భుజం మీద చిన్న తోపు.

మా బుద్ధులను ఎవడు నడిపిస్తాడో, ఆ సవితదేవుని కోరదగిన తేజస్సును ధ్యానిస్తున్నాం. అదీ మొత్తం.

"గంత పెద్ద దేవుణ్ణి పట్టుకొని బియ్యం అడగలె, ఇల్లు అడగలె. బుద్ధి నడుపుమన్నరా? మీరు పంతుళ్లంతా గింతే!"

టీచరమ్మ ఒకవైపు పెదవితో నవ్వారు. ఎండ దిండు మీదికి వచ్చింది. గొంతు సవరించుకుని మొదలుపెట్టారు. ఓం భూర్భువస్స్వః. తత్సవితుర్వరేణ్యం. భర్గో దేవస్య ధీమహి. ధియో యో నః...

ఆగిపోయింది.

నర్మద భయపడి దగ్గరికి వంగింది. ఊపిరి బాగానే ఆడుతోంది. టీచరమ్మ కనుబొమలు ఎత్తి ఆమెనే చూస్తున్నారు. బడిలో పంతులమ్మ వాక్యం చివరి మాట మింగేసి, పిల్లలు అందుకుంటారేమోనని చూసే చూపు అది. పదాలు విడివిడిగా అనడానికి నర్మదకు జంకు లేదు. వరసలో, ఆ స్వరంలో అనడం తనలాంటిదాని పని కాదనుకునేది.

"ప్రచోదయాత్" అంది చివరికి.

టీచరమ్మ పళ్లెం అంచు మీద వేలితో టక్కున కొట్టారు. ఒప్పు అన్నట్టు.

నర్మద వంటింట్లోకి పరుగెత్తి ఫోన్ చేసింది. "పల్లవమ్మా, టీచరమ్మ ఆపిన్రు! మంత్రం నడుమల ఆపిన్రు!"

"అయ్యో, అది కూడా రావట్లేదా ఇప్పుడు?"

"గట్ల కాదమ్మా, కావాల్నని ఆపిన్రు. నన్ను అనుమన్నరు."

"మాట అన్నదా, ఆపిందా? నాకేం అర్థం కావట్లేదు ఆంటీ. మీటింగ్‌లో ఉన్నా. సాయంత్రం వచ్చి చూస్తాలే."

నర్మదకు ఉక్రోషం ముంచుకొచ్చింది. మహితకు చేస్తే ఫోన్ ఎత్తలేదు. ఇంత పెద్ద సంగతి చెప్పుకోవడానికి లోకంలో ఇంకెవరూ లేరు. తిరిగొచ్చి టీచరమ్మకే చెప్పింది. "మీ మేనకోడలుకు నా మాట సమజ్ కాలే. సాయంత్రం మీరే ఆపి చూపెట్టున్రి." టీచరమ్మ నవ్వి కళ్లు మూసుకున్నారు.

మధ్యాహ్నం నాలుగు ముద్దలు తిని పడుకున్నారు. నర్మద దుప్పటి కప్పి, తలుపు ఓరగా వేసి, చిక్కుళ్లు ఈనెలు తీసింది. సాయంకాలం లేపబోతే భుజం కదిలింది గానీ మనిషి కదల్లేదు. నిద్రలోనే పోయారు. మొహంలో ఏ బాధా లేదు. నర్మద తెరుచుకున్న నోటిని మెల్లగా దగ్గరికి నొక్కి, చెయ్యి పట్టుకుని అలాగే కూర్చుంది. ఎందరో పోయినప్పుడు ఏడవనిది, ఇప్పుడు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

పల్లవి వచ్చి మంచం పక్కన నిలబడింది. "చివరగా ఏమైనా అన్నదా ఆంటీ?"

"మంత్రం అన్నరు. ఆఖరి మాట నాకు ఇడిచిపెట్టిన్రు" అంది నర్మద.

వాళ్లు వీళ్లు వచ్చారు, బండి వచ్చి టీచరమ్మను తీసుకుపోయింది. నర్మద చేతిసంచి తీసుకుని, లైట్లు ఆర్పడానికి వంటింట్లోకి వెళ్లింది. పొయ్యి పక్కన, టీచరమ్మ లేవగానే తాగుతారని కలిపిపెట్టిన రాగిజావ గ్లాసు మూత వేసి ఉంది.