నాలుగో ప్రశ్నకు రెండు జవాబులు

నాకు భిన్నాలంటే ఒళ్లుమంట. మూడు బై రెండు, అయిదు బై రెండు అంటూ కాగితం నిండా అడ్డగీతలు గీసే పిల్లల్ని చూస్తే ఎర్ర పెన్ను దానంతటదే లేస్తుంది. మలేషియాలో క్లాంగ్‌లోని ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో తొమ్మిదేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. పేరు మాణిక్యం. ఊరు తణుకు. కోపిష్టి అని పేరు వచ్చింది గానీ, అదంతా పిల్లల చేతకానితనం వల్ల వచ్చిందే తప్ప నా తప్పేమీ లేదు.

ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి ఫలితాల కమిటీ సమావేశం. ఒంటిగంటకు తె తారిక్ అనే ఇక్కడి పాల టీ గ్లాసు పట్టుకుని గదిలోకి వచ్చేసరికి అంబిగ తలుపు దగ్గర నిలబడి ఉంది. కువాలా సెలంగోర్ నుంచి బస్సులో వచ్చే పిల్ల. మా సబ్జెక్టులో రెండుసార్లు తప్పింది. ఇది మూడోసారి, ఆఖరిసారి. నలభై రాకపోతే కోర్సులోంచి పేరు కొట్టేస్తారు. వచ్చింది ముప్పై నాలుగు.

"సార్, నాలుగో ప్రశ్న ఒక్కసారి సూడండి లా," అంది. ఇంట్లో నాయనమ్మతో మాత్రమే తెలుగు మాట్లాడుతుంది కాబట్టి ఆ నాయనమ్మ యాసే వచ్చింది. మిగతా అంతా అరవం, ఇంగ్లీషు. మాట చివర ఆ 'లా' మాత్రం ఈ దేశంలో అందరి ఊతపదం.

"చూసే వేశానమ్మా. పదికి ఒకటి."

"నానేటి తప్పు సేసినాను సార్?"

ఆమె జవాబు కాగితం తీశాను. ప్రశ్న చాలా తేలిక. నాలుగు వరుసల మాట్రిక్స్ ఇచ్చి, అడ్డు వరుసల మీద మార్పులు చేసి డిటర్మినెంట్ విలువ కట్టమన్నాను. మొదటి వరుస 2, 1, 1, 3. రెండోది 4, 3, 4, 5. మూడోది 3, 2, 4, 5. నాలుగోది 5, 3, 5, 9. జవాబు పన్నెండు. ఈ పిల్ల మూడు అని రాసింది. దారంతా భిన్నాలే. పక్కన నా ఎర్ర అక్షరాలు: ఇన్ని భిన్నాలు దేనికి?

"జవాబు పన్నెండు," అన్నాను. "నలభై రెండు మంది రాస్తే నలభై ఒక్కరికి పన్నెండే వచ్చింది. నువ్వొక్కదానివీ మూడంటే, నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్లా?"

పాపం, ఆ సామెత ఆమెకు అర్థం కాలేదు. "కుందేలు లేదు సార్, మాట్రిక్సే," అంది.

ఇక్కడ కాస్త పాఠం చెప్పక తప్పదు. డిటర్మినెంటును విస్తరించి లెక్కకడితే నాలుగు వరుసలకే ఇరవై నాలుగు పదాలు వస్తాయి. అయిదుకు నూట ఇరవై. పది వరుసలైతే ముప్పై ఆరు లక్షల పైమాటే. ఆ విద్యార్థికి మనవలు పుట్టినా లెక్క తెగదు. అందుకని వికర్ణం కింద ఉన్నవన్నీ సున్నాలు చేసేస్తాం. అప్పుడు మిగిలింది త్రిభుజం. వికర్ణం మీది నాలుగు అంకెలు గుణిస్తే అదే విలువ. పది వరుసలకైనా గుణకారాలూ భాగహారాలూ కలిపి నాలుగు వందలు దాటవు. ఈ మాట చెప్పేటప్పుడు నేను బల్ల మీద కొడతాను. వెనక బెంచీవాళ్లు లేస్తారు.

సున్నాలు చేసేటప్పుడు గుర్తుంచుకోవలసినవి మూడు. రెండు వరుసలు అటూ ఇటూ మార్చితే గుర్తు మారుతుంది. ఒక వరుసను ఏ అంకెతో గుణిస్తే విలువా అన్ని రెట్లు అవుతుంది. ఒక వరుసకు మరో వరుస రెట్లు కలిపినా తీసినా ఏమీ మారదు. ఇదంతా మొదటి రోజే చెబుతాను. నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

"ఇలా చూడు," అని పలక లాగి చేసి చూపించాను. రెండో వరుసలోంచి మొదటిది రెండు రెట్లు తీసేశాను. మూడో వరుసను రెండుతో గుణించి మొదటిది మూడు రెట్లు తీసేశాను. నాలుగోదాన్నీ రెండుతో గుణించి మొదటిది అయిదు రెట్లు తీసేశాను. ఒక్క భిన్నం లేదు, ఎంత శుభ్రం! ఇంకో మూడు అడుగుల్లో త్రిభుజం తేలింది. వికర్ణం మీద రెండు, ఒకటి, మూడు, రెండు. "గుణించు. ఎంత?"

"పన్నెండు."

"మరి?"

"కానీ సార్, మూడో వరుసని రెండుతో గుణించినారు కదా. అప్పుడు విలువ రెండింతలు అయిపోద్ది. నాలుగో వరుసనీ గుణించినారు. మళ్లీ రెండింతలు. మొత్తం నాలుగింతలు. పన్నెండుని నాలుగుతో భాగించాలి. మూడు."

పలక మీద మూడో వరుస దగ్గర వేలు పెట్టి మళ్లీ చూశాను.

"మీరే సెప్పినారు సార్. రెండో సూత్రం. ఆ తర్వాత క్లాసులో ఏటో దగ్గర దారి సెప్పినారంట, ఆ రోజు బస్సు ఆలస్యమై నాను రానేదు. అందుకని భిన్నాలతోనే సేసినాను. ఒక వరుసలోంచి ఇంకో వరుస రెట్లు తీసినాను, అంతే. ఏ వరుసనీ గుణించనేదు."

నాకు చెమట పట్టింది. ఏసీ పద్దెనిమిదిలో ఉంది. అయినా ఇన్నేళ్ల మేస్టరీ అంత తేలిగ్గా లొంగుతుందా? ఆమెను కూర్చోబెట్టి, తొమ్మిదేళ్లుగా పిల్లల్ని తిట్టిన విస్తరణ పద్ధతే మొదలుపెట్టాను. నాలుగు చిన్న డిటర్మినెంట్లు, ఒక్కొక్కటీ మూడు వరుసలు. పదకొండు, పదకొండు, ఒకటి, మూడు వచ్చాయి. ఇరవై రెండులోంచి పదకొండు తీసి, ఒకటి కలిపి, తొమ్మిది తీసేస్తే మూడు.

ఎక్కడో గుర్తు తప్పి ఉంటుందని ఈసారి నిలువు వరుస పట్టుకుని చేశాను. అర్ధగంట పట్టింది. మళ్లీ మూడే.

పప్పులో కాలేశాను. సమీకరణాలు సాధించేటప్పుడు వరుసను రెండుతో గుణిస్తే అటూ ఇటూ రెండింతలై సమాధానం మారదు. ఆ అలవాటు నా చేతికి అంటుకుని డిటర్మినెంట్లలోకి వచ్చింది. రెండు మార్పులు ఒకే అడుగులో చేస్తున్నాను గదా, రెండోదాన్నే చూశాను, మొదటిదాన్ని చూడలేదు. నేను చూడలేదు సరే, ఆ దగ్గర దారిని ఎంత ముద్దుగా నేర్పానంటే నలభై ఒక్కమందీ ఒక్క పొల్లు పోకుండా అదే తప్పు చేశారు. నా పాఠం అంత బాగా ఎక్కుతుందని నాకు అంతవరకూ తెలియదు.

"నీదే సరైనది," అన్నాను. ఆ రెండు మాటలు చెప్పడానికి గొంతు సవరించుకోవలసి వచ్చింది.

ఆమె ఏడ్చింది. ఎర్ర అక్షరాల మీద పడకుండా కాగితం పక్కకు జరిపి మరీ ఏడ్చింది.

మూడింటికి సమావేశం. పరీక్షల విభాగాధిపతి నాగప్పన్ ఇక్కడ పుట్టినవాడే. వాళ్లమ్మ తెలుగావిడ కావడంతో నా ఒక్కడితో తెలుగులో మాట్లాడతాడు. చదివింది మేనేజ్‌మెంటు. సంగతంతా విని చాలా శాంతంగా అడిగాడు.

"ఆ అమ్మాయికి పదికి పది వేస్తే పాసా?"

"నలభై మూడు. పాస్."

"వేయండి లా. కథ అయిపోయింది."

"మరి మిగతావాళ్లు? వాళ్లది తప్పు. నాలుగేసి మార్కులు తగ్గించాలి."

"తగ్గిస్తే ఎంతమంది పోతారు?"

నేను లెక్కపెట్టే వచ్చాను. "తొమ్మిదిమంది."

"తొమ్మిదిమంది తల్లిదండ్రులు నా గదికి వస్తారు. తప్పు నేర్పింది ఎవరని అడుగుతారు. నేనేమి చెప్పాలి, మాణిక్యం? మీ కాంట్రాక్టు కాగితం కూడా ఈ నెలే నా బల్ల మీద ఉంది." బెదిరింపేమీ లేదు. నిజంగానే బాధపడుతున్నాడు. "రెండు జవాబులూ ఒప్పుకుందాం. మూడూ సరే, పన్నెండూ సరే. ఎవరికీ నష్టం లేదు కదా?"

"నాగప్పన్ గారూ, ఒక డిటర్మినెంటుకు ఒకే విలువ ఉంటుంది."

"మీ క్లాసులో ఉంటుంది లా. ఇది కమిటీ."

ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టమన్నాడు. నేను చాలా సేపు ఆలోచించానని చెప్పుకోవాలని ఉంది. ఆలోచించలేదు. అంబిగ కోసం పెట్టానని ఇంటికెళ్లి మా ఆవిడతో చెప్పాను. అబద్ధం. ఆమె ఎలాగూ పాసవుతుంది. నిజం రాసినా ఆమెకు పోయేదేమీ లేదు. నా కోసం పెట్టాను. నాలుగో ప్రశ్నకు 3, 12 రెండూ సరైన సమాధానాలే అని కాలేజీ ముద్రతో రికార్డుకెక్కింది. అదే కాగితం కింద నాలుగో ప్రశ్నలో నూటికి నూరు శాతం విద్యార్థులు సఫలమయ్యారనీ, బోధన ప్రశంసనీయమనీ ఒక వాక్యం కూడా ఉంది. గురివింద గింజకు దాని నలుపు తెలియదంటారు. నాకు తెలిసింది, తెలిసీ నోరు మూసుకున్నాను.

వారం తర్వాత అంబిగ నాయనమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. పుష్పం అని పేరు, డెబ్భై దాటిన మనిషి. మురుకుల డబ్బా బల్ల మీద పెట్టి, కుర్చీలో కూర్చోమంటే కూర్చోకుండా, "మా పిల్ల పాసయ్యిందంట, మీ పున్నెం మేస్టారూ," అని చేతులు పట్టుకుంది.

"నా పుణ్యమేం లేదమ్మా. ఆమె లెక్కే సరైంది. తప్పు నాది."

"ఇది అదే సెప్పినాది. సారే ఒప్పుకున్నారు అని." ముసలమ్మ డబ్బా మూత తీసి నా ముందుకు జరిపింది. "మరి ఆ మిగతా పిల్లకాయలకి సెప్పినారేటి, వాళ్లది తప్పని?"

అంబిగ, "నాయనమ్మా!" అంది. ఆవిడ వినిపించుకోలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది, చూస్తూ నిలబడింది.

"చెప్పలేదు," అన్నాను.

"సెప్పండి మరి. రేపు ఎక్కడో ఉజ్జోగాల్లో అలాగే సేత్తారు కదా."

వాళ్లు వెళ్లాక మురుకు ఒకటి తిన్నాను. బాగుంది. తినడానికి సిగ్గేసింది, అయినా ఇంకొకటి తిన్నాను. తర్వాత ఫోను తీసి క్లాసు గ్రూపులో రాయడం మొదలుపెట్టాను. మూడుసార్లు చెరిపేశాను. వరుసను రెండుతో గుణిస్తే డిటర్మినెంట్ రెండింతలవుతుంది, చివర దాన్ని భాగించాలి, నేను నేర్పిన దగ్గర దారిలో ఆ మెట్టు లేదు, నాలుగో ప్రశ్నకు సరైన జవాబు మూడు మాత్రమే, తప్పు నాది అని రాసి, కళ్లు మూసుకుని పంపేశాను. కాంట్రాక్టు ఏమైనా కానీ అనుకున్నాను.

అర నిమిషంలో ఆ క్లాసు కుర్రాడు తినేశ్ నుంచి జవాబు వచ్చింది: సార్, మార్కులు తగ్గుతాయా?

తగ్గవు, అని రాశాను.

టపటపా బొటనవేళ్లు లేచాయి. ఒకటి, అయిదు, పదిహేను. సాయంత్రానికి నలభై ఒకటీ వచ్చేశాయి. రాత్రి పడుకునేముందు కూడా మరోసారి తెరిచి చూశాను. ఎందుకు భాగించాలి సార్ అని ఒక్కరూ అడగలేదు.