అంచు విరిగిన గిన్నె సినిమా

మా ఊళ్ళో పెద్దవాడు లేస్తే అందరూ లేస్తారు. విందులో అంతే, సినిమాలోనూ అంతే. ఇప్పుడు ఊళ్ళో అందరికన్నా పెద్దవాణ్ణి నేనే.

అందుకే బురుల్సున్ మా ఇంటికి వచ్చింది. మా తమ్ముడి మనవరాలు. బళ్ళో చరిత్ర చెబుతుంది, శనివారాలు పాత క్లబ్బు హాల్లో సినిమాలు వేస్తుంది. ఆ శీతాకాలం ఏ సినిమా వేసినా నేను సగంలో లేచి వచ్చేశాను. నా వెనకే హాలు ఖాళీ. ఈ శనివారం కూడా ఇలాగే అయితే హాలును గడ్డి నిల్వ చేసుకోవడానికి ఇచ్చేస్తామని పంచాయితీ వాళ్ళు చెప్పేశారు.

"తాతా, నీ మోకాళ్ళ వల్ల నా హాలు పోయేట్టుంది," అంది.

"నా మోకాళ్ళేం చేశాయి?"

"ఊరికే లేస్తున్నాయి. ఈసారి ముందే చూసి చెప్పు. నువ్వు లేవకుండా చూసిందే వేస్తాను."

"నువ్వు బళ్ళో చెప్పేదే తెరమీద కూడా చెబుతావు. లేవక ఏం చేస్తాను?"

"అదే తాతా. కలిగినవాళ్ళూ లేనివాళ్ళూ ఒకే ఊళ్ళో ఎలా బతుకుతున్నారో జనం ఆలోచించాలని నా ఆశ. నేనేమో పాఠాలే ఏరుకొస్తున్నాను."

లాప్‌టాప్‌ను టీ బల్లమీద పెట్టింది. మా ఆవిడ కల్యిపా టీ పోసింది.

మొదటిది మొదలయిందో లేదో ఒక గొంతు అంకెలు చదవడం మొదలుపెట్టింది. చిరిగిన చొక్కా పిల్లవాడి ముఖం, వెనకాల ఏడుపు వాయిద్యం. నేను టోపీ పెట్టుకుని గుర్రానికి గడ్డి వేయడానికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి బురుల్సున్ దాన్ని ఆపేసింది.

రెండోదాంట్లో ఒక ధనవంతుడు. పొద్దున లేవగానే కుక్కను తన్నాడు, మధ్యాహ్నం పనివాణ్ణి తన్నాడు.

"వీడికి వేరే పని లేదా?" అంది కల్యిపా.

"ఇలాంటివాణ్ణి చూసి మన ఊళ్ళో ఎవరూ ఇది నేనే అనుకోరు. హాయిగా తిట్టుకుని ఇంటికి పోతారు," అన్నాను.

బురుల్సున్ నా వంక చూసింది. నేను అంత మాట్లాడటం ఆమె ఎప్పుడూ వినలేదు.

మూడోది ఆమె చాలా వెతికి పట్టుకున్నదట. రాజధాని బిష్కెక్‌లో సినిమా పండగలకి చిత్రాలు ఎంచేవాళ్ళను అడిగింది. నెట్‌లో వాళ్ళు చెప్పినవాటి కింద చూసినవాళ్ళు రాసిన మాటలు చదివింది. 'గొప్ప సందేశం, కళ్ళు తెరిపించింది' అని ఉన్నవన్నీ పక్కన పెట్టేసింది. ఈ ఒక్కదాని కింద మాత్రం జనం పోట్లాడుకున్నారట, అందులోని ఇల్లాలు మంచిదా కాదా అని. తరవాత శబ్దం ఆపేసి బొమ్మ ఒక్కటే చూసిందట. మాటల్లేకుండా కూడా ఎవరు నిలబడ్డారో, ఎవరు కూర్చున్నారో తెలిసిపోయిందట. తీసినావిడకు ఉత్తరం రాస్తే, పల్లె హాలు కదా, ఊరికే వేసుకోండి అందట.

ఏదో ఎండ కాసే ఊరు. ఒక ఇల్లు, ఇల్లాలు, పనిమనిషి. ఇద్దరూ నేలమీద కూర్చుని బఠాణీలు ఒలుస్తూ నవ్వుకుంటారు. ఇల్లాలు చెడ్డది కాదు. 'నువ్వు మా ఇంటి మనిషివే' అంటుంది. కాకపోతే టీ పోసినప్పుడు అందరి గ్లాసులూ అల్మారా లోంచి వస్తాయి, పనిమనిషి గ్లాసు కిటికీ గట్టు మీంచి వస్తుంది. దాని గురించి సినిమాలో ఎవరూ ఒక్క మాట అనరు.

ఒకరోజు చుట్టాలు వచ్చారు. ఒక గ్లాసు తక్కువయింది. ఇల్లాలు కిటికీ గట్టు వైపు చూసింది. చూసి, కూతుర్ని పిలిచి పక్కింటికి వెళ్ళి ఒక గ్లాసు అడిగి తెమ్మంది. 'వాళ్ళు లేకపోతే ఎదురింట్లో అడుగమ్మా' అని దారి చెప్పింది పనిమనిషే.

నేను కదల్లేదు.

మా ఇంట్లో గుమ్మం పక్కన గోడకి ఒక చెక్క పలక ఉంది. దానిమీద అంచు విరిగిన టీ గిన్నె ఉంటుంది. అది దొటాలీది. ఊరందరి గొర్రెల్నీ అతనే కాస్తాడు, నావి కూడా. ఎప్పుడొచ్చినా గుమ్మం పక్కనే కూర్చుంటాడు, ఆ గిన్నెలోనే తాగుతాడు. నన్ను అన్నా అంటాడు. విరిగిన గిన్నెలో మేం అతిథికి టీ పోయం. పోస్తే పొమ్మన్నట్టే.

పలక వైపు చూశాను. కల్యిపా కూడా చూసింది. పెరుగు తెస్తానని బయటికి వెళ్ళింది. పెరుగు బల్లమీదే ఉంది.

"ఎలా ఉంది తాతా?"

"ఇది వద్దు."

"నువ్వు లేవలేదుగా?"

"మోకాళ్ళు నొప్పి. రెండోది వెయ్యి. ఇందులో ఏమీ జరగదు."

ఆమె ముఖం చిన్నబోయింది. కానీ నా మాట నమ్మింది.

శనివారం మధ్యాహ్నం హాలు కిటికీలకు దుప్పట్లు కట్టారు. పొయ్యి రాజేశారు. నాది ముందు వరస. వెనకాల తలుపు పక్క బల్లమీద దొటాలీ కూర్చున్నాడు. అక్కడ చలిగాలి కొడుతుంది. లోపల ఖాళీ ఉన్నా అతను అక్కడే కూర్చుంటాడు.

ధనవంతుడు కుక్కను తన్నాడు. బురుల్సున్ మైకు పట్టుకుని వాళ్ళ మాటల్ని మన మాటల్లో చెబుతోంది. చెబుతూ చెబుతూ తనవీ కలుపుతోంది. "చూశారా, పేదవాడి బాధ ఇలా ఉంటుంది." వెనకాల పొద్దుతిరుగుడు గింజలు నమలడం మొదలయింది. ఎవరో గొర్రెల ధర అడుగుతున్నారు. పంచాయితీ ఆయన చెయ్యి గడియారం చూసుకున్నాడు.

ఇది వెయ్యమన్నది నేనే. నా గిన్నె ఎవరికీ కనపడకూడదని ఆమె హాలు పోగొడుతున్నాను.

లేచాను. బల్లలు కిర్రుమన్నాయి. అందరూ లేచారు.

"కూర్చోండి," అన్నాను. బురుల్సున్ దగ్గరికి వెళ్ళాను. "ఆ ఎండ ఊరి సినిమా పెట్టు."

"అందులో ఏమీ జరగదన్నావు కదా తాతా?"

"అబద్ధం చెప్పాను. నువ్వు వాళ్ళు అన్నదే చెప్పు. వాళ్ళు నోరు మూసుకున్నచోట నువ్వూ మూసుకో."

ఆమె అలాగే చేసింది. బఠాణీల దగ్గర జనం నవ్వారు. గ్లాసు తక్కువయినప్పుడు బురుల్సున్ మైకును ఒళ్ళో పెట్టేసుకుంది. కూతురు పక్కింటికి పరుగెత్తింది.

"ఓరి, గట్టుమీద ఉందిగా, కనపళ్ళేదా!" అన్నాడు ఒకడు నవ్వుతూ. ఆ నవ్వులో ఇంకెవరూ కలవలేదు. గింజలు నమిలే చప్పుడు ఆగిపోయింది. నేను తలుపు వైపు తిరిగి చూడలేదు. చూసే ధైర్యం లేదు.

చివరిదాకా ఒక్కరూ లేవలేదు. ఎప్పుడూ 'ఏం నేర్చుకున్నాం?' అని అడిగే బురుల్సున్ ఈసారి దుప్పట్లు విప్పేసి ఊరుకుంది. బయట మంచులో ఇద్దరాడవాళ్ళు వాదన పెట్టుకున్నారు.

"ఆవిడ మంచిదేనే. బట్టలు కూడా ఇచ్చింది."

"మంచిదయితే ఆ గ్లాసుకేం రోగం?"

"నీ ఇంట్లో చూసుకో ముందు!"

వచ్చే వారం ఏం వేస్తావని పంచాయితీ ఆయన బురుల్సున్‌ని అడిగాడు. గడ్డి మాట ఎత్తలేదు. ఆమె నన్ను చూసి నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మర్నాడు ఈనే గొర్రెల సంగతి మాట్లాడటానికి దొటాలీ వచ్చాడు. పలకమీద గిన్నె లేదు. కల్యిపా ఎప్పుడు తీసిందో తెలియదు. అతిథుల గిన్నెలుండే పెట్టెలోంచి నీలం పూల గిన్నె తీసి అందులో పోసింది.

"లోపలికి రా, ఇలా నా పక్కన కూర్చో," అన్నాను.

"బూట్లకి పేడ ఉందన్నా." గుమ్మం దగ్గరే కూర్చున్నాడు. పలక వైపు చూశాడు. "నా గిన్నె పగిలిపోయిందా వదినా?"

కల్యిపా నా వంక చూసింది.

"పగిలింది," అన్నాను. మళ్ళీ అబద్ధం.

"అలాగా." నీలం పూల గిన్నెను రెండు చేతులతో పట్టుకున్నాడు, ఎవరిదో సొత్తు కాపలా కాస్తున్నట్టు. "ఇది మరీ పల్చగా ఉంది. నా చేతులకి భయం."

నిన్న సినిమా ఎలా ఉందని అడగాలనుకున్నాను. ఈనే గొర్రెలు ఎన్నని అడిగాను. అతనూ సినిమా మాట ఎత్తలేదు. గొర్రెల గురించే మాట్లాడాడు. టీ సగం తాగి, చల్లారిపోయిందని వదిలేసి వెళ్ళాడు.

కల్యిపా ఆ గిన్నె కడిగింది. తుడిచింది. పెట్టెకీ పలకకీ మధ్య దాన్ని చేత్తో పట్టుకుని నిలబడింది.

"ఎక్కడ పెట్టను?" అంది.