నలభై ఒక్క చుక్కల గ్రాఫ్

జనార్ధనరావు గారు రిటైరైనప్పటి నుంచి ఆయన అభిప్రాయం అడిగే నాథుడు లేడు. ఉప్పల్‌లోని ల్యాబ్‌లో ముప్ఫై నాలుగేళ్లు భూకంపాల లెక్కలు తేల్చిన మనిషి. ఇప్పుడు కూరలో ఉప్పు సరిపోయిందా అని కూడా ఎవరూ అడగరు. అందుకే నాచారం కాలనీ వాట్సాప్ గ్రూపులో ఆయన రాసే ప్రతి ముక్కా కాస్త పొడుగ్గా, కాస్త బరువుగా ఉంటుంది.

ఒక సాయంత్రం మూతపడ్డ ఫ్యాక్టరీ గోడ పక్కన పిల్లలు స్కేటింగ్ చేస్తుంటే, ఒకమ్మాయి అదుపు తప్పి ఆయన భార్య ఛాయాదేవికి తగిలింది. చేతిలోని పెరుగు ప్యాకెట్ కింద పడి పగిలింది. ఆ పిల్ల పదిసార్లు సారీ చెప్పి, కొత్త ప్యాకెట్ కొనిచ్చి, ఇంటిదాకా దింపి వెళ్లింది. జనార్ధనరావు గారు గ్రూపులో రాసినప్పుడు మాత్రం కొత్త ప్యాకెట్ ఊసు లేదు. "చక్రాల బూట్ల యువత గుంపులుగా వచ్చి ఒక వృద్ధ మహిళను ఢీకొట్టింది. అందరూ అప్రమత్తంగా ఉండగలరు" అని రాశారు.

"ఒక్క పిల్ల తగిలితే గుంపులేమిటండీ? అయినా వృద్ధ మహిళ ఎవరు?" అంది ఛాయాదేవి.

"జనం జాగ్రత్త పడాలంటే కొంచెం గట్టిగా రాయాలోయ్" అన్నారాయన.

జనం జాగ్రత్త పడ్డారు. ఆ ముక్క మల్కాజిగిరి వెళ్లింది, మేడిపల్లి వెళ్లింది, నాలుగో రోజుకి తిరిగి నాచారం వచ్చింది. వచ్చేసరికి వృద్ధ మహిళకి తుంటి విరిగింది, మెడలో గొలుసు పోయింది. జనార్ధనరావు గారు దాన్ని చదివి, "అయ్యో, ఇంకొకావిడ!" అని నిట్టూర్చి డైరీలో రెండో సంఘటనగా రాసుకున్నారు. ఆ రోడ్డు మీద మూడేళ్లుగా పిల్లలు స్కేటింగ్ చేస్తూనే ఉన్నారు. ఇన్నాళ్లూ ఎవరూ తలెత్తి చూడలేదు. ఇప్పుడు మాత్రం బాల్కనీకొక ఫోను లేచింది, ఎవరి కాళ్లకు చక్రాలు కనిపించినా ఫొటో గ్రూపులో పడింది.

తర్వాత బుచ్చిబాబు వచ్చాడు. అతనికొక యూట్యూబ్ చానెల్, ఒక ఫోను, ఒక మైకు ఉన్నాయి. "సార్, మీరు సైంటిస్టు. మీ అసొంటోళ్లు చెప్తెనే జనం నమ్ముతరు. జర రెండు ముక్కలు మాట్లాడున్రి" అన్నాడు.

ఎన్నాళ్లకు అడిగారు! జనార్ధనరావు గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, గ్రాఫ్ గీసి మరీ కూర్చున్నారు. మొదటి వారానికి రెండు సంఘటనలు, రెండో వారానికి తొమ్మిది, మూడో వారానికి మొత్తం నలభై ఒకటి. ఎర్ర గీత నిలువునా పైకి పోయింది. బుచ్చిబాబు దానికి 'ఉప్పల్‌ను వణికిస్తున్న చక్రాల గ్యాంగ్' అని పేరు పెట్టాడు. రెండు లక్షల మంది చూశారు. ఆయన ఆ వారమంతా ఫోను దిండు పక్కనే పెట్టుకున్నారు.

ఫిర్యాదులు ఎక్కువయ్యేసరికి ఉప్పల్‌లో పోలీసులు చెకింగ్ పెట్టారు. స్కేట్లు కనిపిస్తే ఆపడం, పేరు రాసుకోవడం. మొదటి రోజే పన్నెండు మంది దొరికారు. 'ఒక్క రోజులో పన్నెండు మంది గ్యాంగ్ సభ్యులు' అన్నాడు బుచ్చిబాబు. ఆ పన్నెండు మందిలో సగం మందికి మిగతా సగం ఎవరో తెలియదు.

నిజానికి అప్పటిదాకా గ్యాంగ్ లేదు. పేరు పుట్టాక మనుషులు పుట్టుకొచ్చారు. బుద్ధిగా ఆడుకునేవాళ్లు పోలీసులకు భయపడి ఇంట్లో కూర్చున్నారు. ఎన్నడూ స్కేట్లు తొడగని మల్కాజిగిరి కుర్రాళ్లు 'చక్రాల గ్యాంగ్' అని టీషర్టులు వేయించుకుని, వీడియోలు తీసుకోవడానికి వచ్చారు. ఒకడు కారు అద్దం తన్ని పగలగొట్టి, అదీ నెట్‌లో పెట్టాడు.

"చూశావా, నేను ముందే చెప్పానా?" అన్నారు జనార్ధనరావు గారు, పండగ వచ్చినట్టు.

ఆ మర్నాడే రోజీ వచ్చింది. ఫ్యాన్లు బాగుచేసే కృపానందం కూతురు, ఆ రోజు ఛాయాదేవికి తగిలిన పిల్ల. స్టేట్ మీట్‌లో మెడల్ తెచ్చుకుంది. కాలనీ దగ్గరి స్కూల్లో స్కేటింగ్ కోచ్‌గా తీసుకుంటామన్నారు. ఇప్పుడు పోలీసుల లిస్టులో పేరుందని ఆపేశారు. సోమవారంలోగా తేల్చుకోమన్నారు.

"ప్రాక్టీసుకు పోతుంటె ఆపి పేరు రాస్కున్రు అంకుల్. ఏం జెయ్యలే నేను. మా నాయిన రెండు రోజుల సంది అన్నం సరిగ తింటలేడు."

ఛాయాదేవి భర్త వైపు ఒక్క చూపు చూసింది. ఆయన చెప్పులు వేసుకుని స్టేషన్‌కి బయల్దేరారు.

ఎస్సై పద్మావతి మర్యాదగానే కూర్చోబెట్టింది. "ఆ పిల్ల మీద కేసు లేదు సార్, ఉత్త ఎంట్రీనే. ఇదివరకు స్కేట్లు పట్టించుకున్నదెవరు? మీ వీడియో వచ్చినంక పైనుంచి రోజూ లెక్క అడుగుతున్రు. నలుగురు కానిస్టేబుళ్లను పెడితె పన్నెండు పేర్లు, ఎనిమిది మందిని పెడితె ఇరవై. ఎంత చూస్తె అంత దొరుకుతది."

జనార్ధనరావు గారు ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లకి మొదటి రోజే చెప్పే పాఠమిది. కొత్త మీటర్లు పెట్టిన ఏడాది భూకంపాల సంఖ్య పెరుగుతుంది. పెరిగింది భూమి ఊగడం కాదు, మనం వినడం. ఎంతమందికి నేర్పారో ఆ ముక్క! ఇంటికొచ్చి నలభై ఒకటీ మళ్లీ లెక్కపెట్టారు. పంతొమ్మిది చుక్కలు ఒకే పెరుగు ప్యాకెట్. ఇరవై రెండు, ఊరికే స్కేటింగ్ చేస్తున్న పిల్లల ఫొటోలు. నిజంగా ఎవరికైనా నష్టం జరిగింది ఒక్కటే, కారు అద్దం. అది ఈ చుక్కల్లో లేనే లేదు, ఆయన వీడియో తర్వాతే పగిలింది.

బుచ్చిబాబుని పిలిచి, తప్పు తనదేనని చెప్పారు. బుచ్చిబాబు శ్రద్ధగా రికార్డు చేసుకుని, 'గ్యాంగ్ బెదిరింపులకు మాట మార్చిన సైంటిస్ట్?' అని పెట్టాడు. చివర ప్రశ్నార్థకం ఉంది కాబట్టి అబద్ధం కాదట.

సోమవారం ఆయనే రోజీతో స్కూలుకి వెళ్లి, గ్రాఫ్ పరిచి, ఒక్కో చుక్క ఎక్కడి నుంచి వచ్చిందో ప్రిన్సిపాల్‌కి వివరించారు. ఆవిడ ఓపిగ్గా విన్నది. "నేను నమ్ముతాను సార్. పేరెంట్సే నమ్మరు. క్లాసు జరిగినన్నాళ్లూ పెద్దమనిషెవరైనా వచ్చి కూర్చుంటే చూద్దాం" అంది. ఆ పెద్దమనిషిగా తనే వస్తానన్నారు జనార్ధనరావు గారు.

రోజీకి ఉద్యోగం వచ్చింది. జనార్ధనరావు గారికి గ్రౌండ్‌లో ఒక ప్లాస్టిక్ కుర్చీ వచ్చింది. వారం తిరక్కుండా ఎవరో గోడ మీంచి ఫొటో తీశారు. చుట్టూ చక్రాల పిల్లలు, మధ్యలో ఆయన. 'గ్యాంగ్ వెనక ముసలి సూత్రధారి?' అని ఆ ఫొటో కాలనీ గ్రూపులోనే తేలింది.

"ముసలి అన్నారు చూశారా?" అని ఛాయాదేవి కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది. ఆయనకి నవ్వు రాలేదు. ఆ ముఖం తనదే, ఆ కథ తనది కాదు. నిన్నటిదాకా సార్ అన్నవాళ్లు కింద రాసినవన్నీ ఒక్కొక్కటే చదువుతూ, సాయంత్రం గ్రౌండ్‌లో తలవంచుకుని కూర్చున్నారు.

రోజీ జారుకుంటూ వచ్చి ఆయన ముందు ఆగింది. "కామెంట్లు సదవకున్రి అంకుల్. నా ఫొటో గ్రూపుల వెట్టిన రోజు నేనూ గిట్లనే అన్నీ సదివి మస్తు ఏడ్చిన."

"ఏమని రాశారమ్మా?"

రోజీ వంగి బూటు పట్టీ బిగించుకుంది.

"మొట్టమొదటిది మీరు రాసిందే అంకుల్. 'ఈ పిల్లని ఎవరు పెంచారో' అన్నరు. మా నాయిన సదివిండు."