పసుపు తలుపు

మతిమరుపు జబ్బున్న పెద్దల సంరక్షణాలయంలో హెడ్ నర్సుకు అందరూ పెట్టిన పేరు ‘లిస్టు సిస్టర్’. పండుగకి హాలు అలంకరించమంటే ఆవిడ ముందు పంతొమ్మిది అంశాల లిస్టు రాసింది. కొవ్వొత్తులు వద్దు, బ్యాటరీ దీపాలే. మిణుకుమిణుకుమనేవి అసలే వద్దు. బెలూన్లు పేలితే గుండెలు ఝల్లుమంటాయి, ప్లాస్టిక్ పళ్ళు కనిపిస్తే నోట్లో పెట్టుకుంటారు, నల్ల చాప గొయ్యిలా కనిపించి కాళ్ళు ఆగిపోతాయి. పొగ పసిగట్టే యంత్రానికి ఏమీ అడ్డం రాకూడదు. రంగులు మాత్రం కంటికి చల్లగా ఉండాలి.

ఆ చల్లదనం మీద ఆవిడకి మోజు ముదిరింది. గోడలు మీగడ రంగు, గుడ్డలు మీగడ రంగు, కాగితపు పూలూ అదే రంగు. బాత్రూమ్ పసుపు తలుపు ఒక్కటే పంటి కింద రాయిలా తగిలింది. తనిఖీవాళ్ళు వస్తున్నారని దానికీ మీగడ రంగు తెర కట్టేసింది. నిప్పంటుకోని గుడ్డే, అదీ లిస్టు ప్రకారమే.

ఆ హాల్లోనే ఉండే ఒకప్పటి రంగుల మేస్త్రి ఆవిడ తండ్రి. కూతురెవరో మరిచిపోయాడు గానీ పసుపు తలుపును మరవలేదు. దాన్నే గుర్తుగా పెట్టుకుని, ఎవరి సాయం లేకుండా రోజూ బాత్రూమ్‌కి వెళ్ళి వచ్చేవాడు. ఇంకొక్కసారి బట్టలు తడిస్తే డైపర్లు తప్పవని డాక్టరు చెప్పి వారం కాలేదు. ఆ మాటకి సిస్టర్ ఇంటికెళ్ళి ఏడ్చింది కూడా.

తనిఖీ అధికారి హాలంతా కలయజూసి, ఎంత ప్రశాంతంగా ఉందో అని మెచ్చుకుంటున్నాడు. అప్పుడే మేస్త్రి కుర్చీలోంచి లేచాడు. గోడ తడుముకుంటూ ఒకసారి అటు, ఒకసారి ఇటు తిరిగి, చివరికి సిస్టర్ దగ్గరికొచ్చి మర్యాదగా అడిగాడు.

“ఇక్కడో తలుపుండాలి కదమ్మా, తీసేశారా?”

సిస్టర్‌, అధికారి మాట పూర్తవకముందే పరుగెత్తి తెర పట్టుకుని లాగింది. పిన్నులూ కాగితపు పూలూ అధికారి బూట్ల మీద రాలాయి. వాటిని కాలితో పక్కకి నెట్టి దారిచ్చింది. మేస్త్రి పసుపు తలుపు చూసి తేలిగ్గా నవ్వి, లోపలికెళ్ళాడు. ఆయన బట్టలు తడవలేదు. అధికారి మాత్రం రంగుల పొందిక చెడిందని ఒక మార్కు తగ్గించాడు, నేల మీద పిన్నులున్నాయని ఇంకొకటి.

సిస్టర్ వంగి పిన్నులు ఏరుతోంది. బయటికొచ్చిన మేస్త్రి వెళ్ళిపోకుండా తలుపును అరచేత్తో నిమిరాడు.

“రెండు పూతలు. ఎక్కడా కారలేదు. ఎవరేశారమ్మా?”

“నేనే, పోయినేడు.”

“పని ఎవరు నేర్పారు?”

“మా నాన్న.”

“మంచి పనివాడు,” అని ఒప్పుకుని, కింద పడున్న తెర వైపు చూశాడు. “మరి ఇంత చక్కటి తలుపుకి గుడ్డ కట్టిన మొద్దెవరు?”

సిస్టర్ జేబులోంచి లిస్టు తీసి, ఆయన ముందే ఇరవయ్యో అంశం రాయడం మొదలుపెట్టింది.