పడ్డవాడు బంతి వదలాలి

జాలరిపేట ఇసుకలో పొగమంచు ఇంకా విడలేదు. కొత్తగా రగ్బీకొచ్చిన కుర్రాళ్ల మీద నేను గొంతు చించుకుంటున్నాను.

"పాస్ పక్కకో వెనక్కో ఇవ్వాలి. ముందుకి విసిరితే ఫార్వర్డ్ పాస్. చేతిలోంచి జారి ముందుకెళ్లి నేలమీద పడితే నాక్ ఆన్. రెండిటికీ స్క్రమ్, అంటే రెండు జట్లూ వంగి భుజాలు కలిపి నెట్టుకోవడం, బంతి అవతలివాళ్లది. ఎక్కిందా?"

"ఎక్కింది మేడమ్," అన్న అప్పలరాజే మరుక్షణం బంతిని ముందుకి జారవిడిచాడు. తిట్టాను.

మళ్లీ మొదలెట్టాం. బంతితో పరిగెడుతున్న కెన్నీని అవతలి జట్టు పట్టి పడేసింది. వాడు బంతిని ఇసుకలో పెట్టి, పక్కకి దొర్లి లేచాడు. దానిమీద రెండు జట్లవాళ్లూ భుజాలు కలిపి నెట్టుకుంటున్నారు.

"ఇదే రక్! మీవైపు వెనకనుంచే దూరండి. పడిపోకండి. చేతులొద్దు, కాలితో వెనక్కి లాగండి!"

"రాటం లేదు మేడమ్," అప్పలరాజు రొప్పాడు. "ఎవులో పట్టీసుకున్నారు."

వంగి చూశాను. కాళ్ల మధ్య రెండు చేతులు బంతిని కరుచుకుని ఉన్నాయి. విజిల్ ఊదాను.

"రక్‌లో చేతులు పెట్టిందెవర్రా? అందరూ ఎత్తండి!"

అందరూ ఎత్తారు. బంతి మీద ఆ రెండు చేతులూ అలాగే ఉన్నాయి, ఇసుకలోంచి. ఎడమ మణికట్టుకి రాగి కడియం.

వాసుది. పోయినేడు సముద్రంలో చేపలవేటకెళ్లి తిరిగిరాలేదు. కిందపడ్డా బంతి వదలడని రోజూ వాణ్ని తిట్టేదాన్ని.

అలవాటుగా అరిచాను.

"వాసూ! ఎన్నిసార్లు చెప్పాలి? పడ్డవాడు బంతి వదలాలి!"

వేళ్లు మెల్లగా విడివడ్డాయి.

బతికుండగా ఒక్కసారీ వినలేదు.